రెండు యాప్‌లు కలిపితే నష్టమే, అయినా 36,000 టీడీఎస్ పోయింది. వెనక్కి వస్తుందా?

విభాగం: పన్నులు, పొదుపు | నెల్లూరు–ప్రకాశం మిత్రుల వేదిక

కావలి కుర్రోడు · 3 సెప్టెంబర్ 2025, రాత్రి 9:40

అందరికీ నమస్తే. మాది కావలి, ఉద్యోగం బెంగళూరులో. పోయిన ఆర్థిక సంవత్సరం, అంటే 2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు, ఇక్కడ రెండు యాప్‌లలో ఆడాను. ఒకటి రమ్మీ, ఇంకోటి ఫాంటసీ క్రికెట్.

రమ్మీలో మొదట 40,000 వేశాను. జులైలో బాగా కలిసొచ్చి 1,60,000 విత్‌డ్రా కొట్టాను. 36,000 టీడీఎస్ కోసుకుని 1,24,000 బ్యాంకులో వేశారు. ఆ తర్వాత జనవరిలో అదే యాప్‌లో ఇంకో 50,000 వేసి మొత్తం పోగొట్టుకున్నా. క్రికెట్ యాప్‌లో ఏడాది మొత్తం మీద 1,10,000 వేశాను, 15,000 మాత్రమే వెనక్కి వచ్చింది.

లెక్క చూడండి. వేసింది 2,00,000. తీసింది 1,75,000. అంటే 25,000 నష్టం. నష్టపోయినోడి దగ్గర పన్నేంది? 36,000 మొత్తం రీఫండ్ అడగొచ్చా? రిటర్న్ గడువు 15వ తేదీ, టెన్షన్‌గా ఉంది. ఇంట్లో తెలియదు, దయచేసి క్లాసు పీకకండి.

ఒంగోలు గిత్త · 3 సెప్టెంబర్, రాత్రి 9:58

క్లాసు పీకంలే తమ్ముడూ. కానీ గెలిచిన రోజు స్టేటస్ పెట్టుంటావు, ఓడిన రోజు మాత్రం ఇక్కడికొచ్చావు.

చీమకుర్తి శ్రీను · 3 సెప్టెంబర్, రాత్రి 10:15

ఇది చాలా సింపుల్. నాకు ఎఫ్ అండ్ ఓలో 2023లో నాలుగు లక్షలు పోయింది. మా ఆడిటర్ దాన్ని బిజినెస్ లాస్‌గా చూపించి ఎనిమిదేళ్లు క్యారీ ఫార్వర్డ్ పెట్టాడు. నువ్వు కూడా ఐటీఆర్-3 వేసి ఆటలనే వ్యాపారంగా చూపించు. అప్పుడు క్రికెట్ నష్టం రమ్మీ లాభంలో తగ్గిపోతుంది. టీడీఎస్ మొత్తం వెనక్కి వస్తుంది.

ట్రంక్‌రోడ్ ఆడిటర్ · 4 సెప్టెంబర్, ఉదయం 6:50

శ్రీను గారూ, మీ ఎఫ్ అండ్ ఓ సంగతి మీ ఆడిటర్ కరెక్టుగానే చేశారు. దానికీ దీనికీ పోలిక లేదు. ఎఫ్ అండ్ ఓని చట్టమే వ్యాపారంగా చూస్తుంది. ఆన్‌లైన్ గేమ్ గెలుపుని మాత్రం 115బీబీజే అనే సెక్షన్ కింద విడిగా పక్కన పెట్టి, దాని మీద నేరుగా 30 శాతం వేస్తుంది. ఐటీఆర్-3 వేసినా, ఐటీఆర్-2 వేసినా ఆ డబ్బు ఆ గడిలోనే పడాలి. వ్యాపారం అని పేరు మార్చి నష్టం చూపిస్తే నోటీసు వస్తుంది.

కావలి తమ్ముడూ, నీ లెక్కలో సగం నీకు అనుకూలంగా ఉంది, సగం లేదు. రెండు యాప్‌లనూ ఒకే మూటలో కట్టావు, చట్టం అలా కట్టదు. నువ్వు గమనించనిది ఇంకోటి ఉంది. ఒకే యాప్ లోపల, ఒకే ఏడాదిలో గెలుపోటములు వాటంతట అవే తగ్గిపోతాయి. 2023 ఏప్రిల్ నుంచి వచ్చిన పద్ధతి ఇది. పన్ను గెలిచిన ప్రతి ఆట మీదా కాదు, "నెట్ విన్నింగ్స్" మీద. 133వ రూల్‌లో ఫార్ములా ఇలా ఉంటుంది:

```
(A + D) - (B + C)
```

A అంటే ఏడాదిలో నువ్వు తీసిన మొత్తం. D అంటే మార్చి 31న వాలెట్‌లో మిగిలింది. B నువ్వు జేబులోంచి వేసిన డబ్బు. C ఏప్రిల్ 1న వాలెట్‌లో ఉన్న పాత బ్యాలెన్స్.

నీ రమ్మీ యాప్‌కి వేద్దాం. తీసింది 1,60,000. మార్చి 31న మిగిలింది సున్నా అనుకుంటున్నా. వేసింది 40,000, 50,000 కలిపి 90,000. పాత బ్యాలెన్స్ సున్నా. తేడా 70,000. నీ నెట్ విన్నింగ్స్ అదీ, 1,20,000 కాదు. జులైలో కంపెనీ 1,20,000 మీద కోసిందంటే, అప్పటికి నువ్వు వేసింది 40,000 మాత్రమే కాబట్టి. జనవరిలో పోగొట్టుకోబోయే డబ్బు వాళ్లకి జులైలో ఎలా తెలుస్తుంది?

కాబట్టి పన్ను 70,000 మీద 30 శాతం, అంటే 21,000. దానిమీద 4 శాతం సెస్ 840. మొత్తం 21,840. నీ దగ్గర 36,000 ఇప్పటికే కోశారు. మిగిలే 14,160 నీ జీతం మీద పన్ను ఏమన్నా బాకీ ఉంటే దానికి సర్దుకుంటుంది, లేకపోతే రీఫండ్ వస్తుంది.

క్రికెట్ యాప్‌లో పోయిన 95,000 మాత్రం పోయినట్టే. రమ్మీ గెలుపులోంచి తగ్గదు, జీతంలోంచి తగ్గదు, వచ్చే ఏడాదికీ పోదు.

కావలి కుర్రోడు · 4 సెప్టెంబర్, ఉదయం 8:05

సార్, చాలా థ్యాంక్స్. మిగిలింది సున్నానే. 14,160 వచ్చినా చాలు. కానీ 26ఏఎస్‌లో 1,20,000 అనే కనిపిస్తోంది, 194బీఏ అని పక్కన ఉంది. నేను 70,000 చూపిస్తే ఒప్పుకుంటారా?

ట్రంక్‌రోడ్ ఆడిటర్ · 4 సెప్టెంబర్, ఉదయం 8:40

ఒప్పుకోవాలి, కానీ నువ్వు కాగితం చూపించగలగాలి. ముందు ఆ యాప్‌లోంచి ఏడాది లెడ్జర్ డౌన్‌లోడ్ చెయ్యి. వేసిన ప్రతి రూపాయి, తీసిన ప్రతి రూపాయి తేదీతో ఉండాలి. బ్యాంకు స్టేట్‌మెంట్‌తో సరిచూసుకో. తర్వాత పోర్టల్‌లో ఏఐఎస్ తెరిచి, ఆ 1,20,000 ఎంట్రీ మీద ఫీడ్‌బ్యాక్‌లో `Information is not fully correct` ఎంచుకుని 70,000 వెయ్యి. రిటర్న్ ఐటీఆర్-2. ఐటీఆర్-1 వేస్తే ఈ ఆదాయానికి చోటే ఉండదు. `Schedule OS`లో 115బీబీజే వరసలో 70,000 వెయ్యి, టీడీఎస్ షెడ్యూల్‌లో 36,000 మొత్తం క్లెయిమ్ చెయ్యి.

అదే షెడ్యూల్ కింద ఏ తేదీల మధ్య వచ్చిందని అడిగే చిన్న పట్టిక ఉంటుంది. జూన్ 15 వరకు, సెప్టెంబర్ 15 వరకు, అలా. దాన్ని ఖాళీగా వదలొద్దు. అడ్వాన్స్ ట్యాక్స్ వడ్డీ దాన్నిబట్టి లెక్కేస్తారు.

సిస్టమ్ నుంచి తేడా ఉందని మెసేజ్ రావచ్చు. వస్తే కంగారు పడకుండా లెడ్జర్ పెట్టుకుని జవాబివ్వు. లెడ్జర్ ఈ వారంలోనే తీసుకో. పోయిన నెల 22న రాష్ట్రపతి సంతకం పడిన కొత్త ఆన్‌లైన్ గేమింగ్ చట్టంతో డబ్బు ఆటలు ఆగిపోయాయి. యాప్‌లో పాత రికార్డులు ఎన్నాళ్లు ఉంచుతారో నమ్మకం లేదు.

కందుకూరు టీచరమ్మ · 4 సెప్టెంబర్, సాయంత్రం 5:20

ఆడిటర్ గారూ, మా చెల్లెలి విషయం అడుగుతాను. తను గృహిణి, ఆదాయం ఏమీ లేదు. ఒక టీవీ క్విజ్‌లో పాల్గొని 3,20,000 గెలిచింది. 96,000 కోసి 2,24,000 ఇచ్చారు. మూడు లక్షల దాకా పన్ను లేదు కదా, ఆ మీదటి 20,000కే పన్ను పడి మిగతాది వెనక్కి వస్తుందని మా మరిది అంటున్నాడు. పైగా ముంబై విమానం ఖర్చు, హోటల్ ఖర్చు కొంత తనే పెట్టుకుంది. పుస్తకాలు కూడా బోలెడు కొంది.

చీమకుర్తి శ్రీను · 4 సెప్టెంబర్, సాయంత్రం 5:45

మేడం, ఏడు లక్షల వరకు రిబేట్ కూడా ఉంది. మొత్తం వచ్చేస్తుంది. ధైర్యంగా వెయ్యండి.

ట్రంక్‌రోడ్ ఆడిటర్ · 4 సెప్టెంబర్, రాత్రి 9:10

శ్రీను గారూ, ఒక్క నిమిషం ఆగండి.

టీచరమ్మ గారూ, మీ మరిది చెప్పిన మూడు లక్షల పరిమితి జీతానికి, అద్దెకి, వడ్డీకి పనికొస్తుంది. గెలుపు డబ్బుకి మొదటి రూపాయి నుంచే 30 శాతం. టీవీ ఆటలు కూడా లాటరీ, పేకాటల సరసనే 115బీబీలో ఉన్నాయి. వేరే ఆదాయం సున్నా అయినా ఇంతే. 80సీ తగ్గింపులూ దీనికి వర్తించవు. కొత్త పద్ధతిలో ఆ రిబేట్ కూడా ఇలా ప్రత్యేక రేటు పడే ఆదాయానికి ఇవ్వరు.

మీ చెల్లెలి పన్ను 96,000, సెస్ 3,840. కలిపి 99,840. టీడీఎస్‌లో సెస్ కలపరు కాబట్టి ఆ 3,840 బాకీ ఉంది. రీఫండ్ కోసం ఎదురుచూసేవాళ్లు చాలామందికి ఇక్కడే షాక్ తగులుతుంది.

విమానం, హోటల్, పుస్తకాలు ఏవీ తగ్గించరు. 58వ సెక్షన్ 4వ ఉపసెక్షన్ ఒకే మాట చెబుతుంది. ఇలాంటి గెలుపు కోసం పెట్టిన ఖర్చు ఏదైనా సరే, అందులోంచి తీసెయ్యకూడదు. కావలి తమ్ముడికి వేసిన డబ్బు తగ్గిందంటే ఆన్‌లైన్ గేమ్‌కి ఆ ఫార్ములా ఉంది కాబట్టే. టీవీ క్విజ్‌కీ, లాటరీకీ ఆ ఫార్ములా లేదు.

కందుకూరు టీచరమ్మ · 4 సెప్టెంబర్, రాత్రి 9:35

అయ్యో. మరిదికి ఈ పోస్టు పంపిస్తాను. 3,840 మేమే కడతాం లెండి, పిల్ల గెలిచిన సంతోషంలో ఉంది.

రొయ్యల రమణ · 5 సెప్టెంబర్, ఉదయం 7:15

అన్నా, మాది బోగోలు పక్క. నాలుగు ఎకరాల చెరువు. పోయిన సీజన్‌లో తెల్లమచ్చ వచ్చి ఆరు లక్షలు పోయింది. అదే ఏడాది మాల వేసుకుని శబరిమల పోయినప్పుడు ఎరుమేలిలో కేరళ లాటరీ టికెట్లు కొన్నా. ఒక టికెట్‌కి లక్ష తగిలింది. ఏజెంటు కమీషన్ తీసి, టీడీఎస్ తీసి 63,000 చేతికొచ్చింది. చెరువు నష్టం ఆరు లక్షలు ఉంది కదా. అది లాటరీలోంచి తీసేస్తే పన్ను సున్నా. ఆ 27,000 వెనక్కి రావాలి కదా? రొయ్యల నష్టానికి ప్రభుత్వం పరిహారం ఏమన్నా ఇస్తుందా అది కూడా చెప్పండి.

ఒంగోలు గిత్త · 5 సెప్టెంబర్, ఉదయం 7:30

రమణన్నా, పరిహారం సంగతి మత్స్యశాఖ దారంలో అడుగు. ఇక్కడ ఐటీ గోల.

ట్రంక్‌రోడ్ ఆడిటర్ · 5 సెప్టెంబర్, ఉదయం 8:00

రమణా, చెరువు నష్టం నిజమైన వ్యాపార నష్టమే. రిటర్న్ గడువులోపు వేస్తే ఎనిమిదేళ్ల దాకా ముందుకు తీసుకెళ్లొచ్చు, వచ్చే సీజన్ల లాభంలో తగ్గించుకోవచ్చు. కానీ లాటరీ గెలుపు మీద దాన్ని పెట్టడానికి లేదు. ఆ 27,000 రాదు, పైగా సెస్ కట్టాలి. నీకు తగలని మిగతా టికెట్ల ధర సరే, తగిలిన టికెట్ ధర కూడా తగ్గదు.

కమీషన్ తీసేశాక 90,000 మీదే వాళ్లు 30 శాతం కోశారు. 26ఏఎస్‌లో ఏ అంకె ఉందో చూసి అదే చూపించు. అది తేడాగా ఉంటే ఫోన్ చెయ్యి.

గడువు ముఖ్యం. లేటయితే లాటరీ పన్ను ఎలాగూ ఉంటుంది, చెరువు నష్టాన్ని ముందుకు తీసుకెళ్లే హక్కు మాత్రం పోతుంది.

దర్గామిట్ట పెద్దాయన · 5 సెప్టెంబర్, ఉదయం 11:20

ఆడిటర్ గారికి నమస్కారం. బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. మా రోజుల్లో నెల్లూరు నుంచి శనివారం రైలెక్కి గిండీలో గుర్రప్పందేలకి పోయేవాళ్లు ఉండేవాళ్లు. ఒకాయన జేబులో పోయిన టికెట్లు కట్టగట్టి దాచేవాడు, ఎప్పటికైనా పన్నులో పనికొస్తాయని. పనికిరాలేదు. కానీ గుర్రం యజమానికి నష్టం సర్దుబాటు ఉందని విన్నాను. ఇదెక్కడి న్యాయం?

ట్రంక్‌రోడ్ ఆడిటర్ · 5 సెప్టెంబర్, మధ్యాహ్నం 1:05

పెద్దాయనా, మీరు విన్నది నిజమే. పందెపు గుర్రాలను కొని మేపేవాడి ఖర్చుకు చట్టంలో మినహాయింపు ఉంది. ఆ నష్టం మళ్లీ గుర్రాల ఆదాయంలోంచే తగ్గాలి, నాలుగేళ్లు మాత్రమే ముందుకు పోతుంది. దాణా, జాకీ జీతం, ట్రైనర్ బిల్లు అన్నీ రసీదులున్న ఖర్చులు. పందెం కాసేవాడిది అలా కాదు.

మీ మిత్రుడి కట్టలోనే కారణం ఉంది. పోయిన టికెట్లు నేల మీద దొరుకుతాయి. నష్టం తగ్గించుకోవచ్చని చట్టం ఒప్పుకుంటే, పది లక్షలు గెలిచినవాడు లాటరీ కొట్టు ముందు చీపురు పట్టుకుని చెత్త ఊడ్చుకొస్తాడు, పదిలక్షల టికెట్లు కొన్నానంటాడు. పేకాట బల్ల దగ్గర పోయిన డబ్బుకి ఆ చెత్త కాగితం కూడా ఉండదు. గెలుపు ఒకచోట బయటపడుతుంది, అక్కడే పట్టుకోవచ్చు. ఓటమి ఎవరైనా ఎంతైనా చెప్పొచ్చు. గెలుపు మీద ఈ ప్రత్యేక రేటు, ఖర్చు తగ్గించకూడదనే నియమం రెండూ 1986 ఫైనాన్స్ చట్టంతో వచ్చినవే, అప్పట్లో రేటు 40 శాతం. నాకు అర్థమైనంతలో వెనకున్న ఆలోచన ఇదే.

నాగులుప్పలపాడు వాసు · 5 సెప్టెంబర్, రాత్రి 8:30

సార్, అది లాటరీ టికెట్ల కాలం మాట. ఇప్పుడు నా యాప్‌లో ప్రతి రూపాయి పాన్ మీద, బ్యాంకు ఖాతా మీద ఉంటుంది. కావలి అబ్బాయి రెండు యాప్‌లలోనూ ఎంత వేశాడో ఎంత తీశాడో డిపార్ట్‌మెంటుకి కనిపిస్తుంది. చీపురు పట్టుకోవాల్సిన పనేముంది? ఒక యాప్‌లో నష్టాన్ని ఒప్పుకుని, పక్క యాప్‌లో నష్టాన్ని ఎందుకు ఒప్పుకోరు? రూల్‌లోనే ఒక మనిషికి ఎక్కువ ఖాతాలుంటే అన్నీ కలపాలని ఉంది కదా. అదే మాట పట్టుకుని రెండు యాప్‌లూ కలిపి వెయ్యమని మా ఫ్రెండ్‌కి హైదరాబాద్‌లో ఒక సీఏ చెప్పాడు.

ట్రంక్‌రోడ్ ఆడిటర్ · 5 సెప్టెంబర్, రాత్రి 9:50

వాసూ, మంచి ప్రశ్న. ఖాతాలు కలపాలన్న మాటను ఒకే కంపెనీలో ఒకే మనిషికి ఉన్న ఖాతాలకే చదవాలని నా అభిప్రాయం. రమ్మీకి ఒక లాగిన్, అదే కంపెనీ పోకర్‌కి ఇంకో లాగిన్ ఉంటే కలుపుతారు. అది కూడా సాంకేతికంగా కుదరకపోతే కంపెనీ ఒక్కో ప్లాట్‌ఫామ్‌కి విడిగా లెక్కేసుకోవచ్చని 2023 మే సర్క్యులర్‌లో వెసులుబాటు ఇచ్చారు. కాబట్టి రెండు యాప్‌ల వెనక ఒకే కంపెనీ ఉందేమో చూడటం మంచిదే.

వేర్వేరు కంపెనీలను కూడా మనిషి పేరున కలపొచ్చని వాదించేవాళ్లు ఉన్నారు. పన్ను మనిషి మీద, కంపెనీ మీద కాదు అన్నది వాళ్ల వాదన. కొట్టిపారెయ్యను. కానీ నా క్లయింటుకి అలా వెయ్యను. 25,000 నష్టమని చూపించి 36,000 అడిగితే, రేపు కాదన్నప్పుడు పన్నుతో పాటు వడ్డీ, పెనాల్టీ కట్టేది అతనే. ఆ 21,840 కోసం అప్పీళ్లకి తిరిగే ఓపిక ఉంటే వేరే మాట.

నాగులుప్పలపాడు వాసు · 5 సెప్టెంబర్, రాత్రి 10:10

నేనైతే వేస్తాను సార్. అడగనిదే ఇవ్వరు.

ఒంగోలు గిత్త · 5 సెప్టెంబర్, రాత్రి 10:22

వాసు వేస్తే తర్వాత ఏమైందో ఇక్కడ రాయాలి, మాయమైపోకూడదు. ఆడిటర్ గారూ, ఇంకో డౌటు. నా వాలెట్‌లో మార్చి 31న 22,000 ఉంది, అంతా గెలిచిందే. అప్పుడే టీడీఎస్ కోశారు. మిగిలింది 15,400. ఆ తర్వాత ఆడలేదు, వెయ్యలేదు. ఇప్పుడు ఆటలు ఆగిపోయాయి కాబట్టి తీసేద్దామనుకుంటున్నా. మళ్లీ కోస్తారా?

ట్రంక్‌రోడ్ ఆడిటర్ · 6 సెప్టెంబర్, ఉదయం 6:45

కొయ్యకూడదు. మార్చి 31న మిగిలిన బ్యాలెన్స్‌ని కూడా తీసినట్టే లెక్కేసి కోస్తారు. ఏప్రిల్ 1న ఆ 15,400 నీ పాత బ్యాలెన్స్, ఫార్ములాలో C. ఇప్పుడు 15,400 తీస్తే అందులోంచి 15,400 పోతుంది, మిగిలేది సున్నా. కోస్తే కంపెనీకి మెయిల్ పెట్టు, వినకపోతే వచ్చే ఏడాది రిటర్న్‌లో అడుగు. ఇంతకీ నువ్వు ఒంగోలులోనే ఉండి ఆడావా?

ఒంగోలు గిత్త · 6 సెప్టెంబర్, ఉదయం 7:30

పూణెలో ఉన్నప్పుడు సార్. ఏపీలో 2020 నుంచే బంద్ కదా, ఒంగోలు రాగానే యాప్ తెరుచుకోదు.

పేరు వద్దు · 6 సెప్టెంబర్, ఉదయం 9:00

అసలు నిషేధం ఉన్నచోట ఎవరైనా ఏదో దారిలో ఆడి గెలిచి ఉంటే, రిటర్న్‌లో చూపించాలా? చూపిస్తే కేసు అవుతుందేమోనని భయం. ఒక ఫ్రెండ్ కోసం అడుగుతున్నా.

ట్రంక్‌రోడ్ ఆడిటర్ · 6 సెప్టెంబర్, ఉదయం 9:25

మీ ఫ్రెండ్‌కి చెప్పండి, ఆదాయపు పన్నుకి డబ్బు ఎలా వచ్చిందన్నది అడ్డు కాదు. ఆట నిషేధమైనా గెలుపు మీద పన్ను ఉంటుంది. టీడీఎస్ కోసి ఉంటే పాన్ మీద ఇప్పటికే నమోదైంది, దాచడానికి ఏమీ లేదు. రాష్ట్ర చట్టం కింద ఏమవుతుందన్నది వకీలుని అడగాలి, నా పని కాదు.

కావలి కుర్రోడు · 6 సెప్టెంబర్, రాత్రి 11:15

లెడ్జర్ వచ్చింది సార్. రమ్మీ యాప్‌లో ఒక చిక్కు కనిపించింది. జనవరిలో 50,000 వేసినప్పుడు వాలెట్‌లో పడింది దాదాపు 39,062. మిగతాది 28 శాతం జీఎస్టీ అని రాశారు, దాని బదులు బోనస్ పాయింట్లు ఇచ్చారు. ఇప్పుడు B అంటే నేను బ్యాంకు నుంచి పంపిన 50,000నా, వాలెట్‌లో పడిన 39,062నా? తేడా దాదాపు 11,000. 39,062 అంటే నా నెట్ విన్నింగ్స్ 80,000 దాటిపోతుంది.

చీమకుర్తి శ్రీను · 6 సెప్టెంబర్, రాత్రి 11:40

జేబులోంచి పోయింది 50,000 కదా, 50,000నే.

ట్రంక్‌రోడ్ ఆడిటర్ · 7 సెప్టెంబర్, ఉదయం 7:10

బోనస్ పాయింట్లను నువ్వు వేసిన డబ్బుగా లెక్కెయ్యరు, అది మాత్రం ఖాయం. జీఎస్టీ భాగం దగ్గర కంపెనీలు తలా ఒక రకంగా లెక్కేస్తున్నాయి. సర్క్యులర్ 2023 మేలో వచ్చింది, డిపాజిట్ మీద 28 శాతం అక్టోబర్‌లో మొదలైంది, కాబట్టి అందులో దీని ప్రస్తావన లేదు. ముందు కంపెనీని ఏడాది చివరి నెట్ విన్నింగ్స్ స్టేట్‌మెంట్ అడుగు, వాళ్లు B కింద ఏ అంకె వేశారో చూడు. జులైలో వేసిన 40,000కి ఏం చేశారో కూడా చూడు. అక్కడ 1,20,000 అనే వచ్చిందంటే పూర్తి 40,000 తీసేసినట్టే కదా. జనవరి డబ్బుకీ అదే పద్ధతి అడగడం న్యాయం.

కావలి కుర్రోడు · 7 సెప్టెంబర్, ఉదయం 8:20

అవును సార్, జులైలో 40,000 మొత్తం తీసేశారు. మెయిల్ పెట్టాను, 48 గంటల్లో జవాబిస్తామన్నారు. రాగానే ఇక్కడ పెడతా.